చెక్కు బౌన్సు, ఈఎంఐ రిటర్న్ కోతలు: సేవింగ్స్ ఖాతాలో ఎలా పడతాయి, పడకుండా ఏం చేయాలి

ఒక చెక్కు మీద వేయాల్సిన తేదీ కంటే నాలుగు రోజులు ముందు తేదీ వేశారు. దానివల్ల మూడు రోజుల్లో 2,279 రూపాయలు పోయాయి. ఇది ఎలా జరుగుతుందో లెక్కతో సహా చూస్తే, ఆపడానికి ఏం చేయాలో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. కాబట్టి ముందు లెక్క, తర్వాత పద్ధతి.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర పనిచేసే గుమస్తా ఖాతా అనుకోండి. జీతం 24,000. ప్రతి నెలా 7, 8 తేదీల్లో పడుతుంది. 4వ తేదీ రాత్రి ఖాతాలో 9,240 ఉంది. 5న బండి ఈఎంఐ 3,850, 7న పర్సనల్ లోన్ ఈఎంఐ 4,600 వెళ్లాలి. రెండూ పోతే ఇంకా 790 మిగులుతుంది, అంటే ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇవి కాక పిల్లల స్కూలు ఫీజుకి 6,000 చెక్కు రాసిచ్చారు, దాని మీద 5వ తేదీ వేశారు. స్కూలు వాళ్లు బ్యాంకులో వేసి అది పాసయ్యేసరికి రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోగా జీతం వస్తుంది అని ధీమా.

5న పొద్దున్నే బండి ఈఎంఐ పోయింది, 5,390 మిగిలింది. అదే రోజు చెక్కు క్లియరింగ్‌కి వచ్చింది. 610 తక్కువైంది, చెక్కు తిరిగిపోయింది. ఈ ఉదాహరణలో బ్యాంకు చెక్కు రిటర్న్ చార్జి 500 అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ 90 కలిపి 590 కోసుకుంది, మిగిలింది 4,800. స్కూలు ఆఫీసులో వాళ్లు ఫోన్ చేయకుండా మర్నాడు అదే చెక్కు మళ్లీ వేశారు. మళ్లీ తిరిగిపోయింది, మళ్లీ 590. ఖాతాలో 4,210 మిగిలింది. 7న 4,600 ఈఎంఐ వచ్చింది, డబ్బు చాలలేదు. రిటర్న్ చార్జి 250, జీఎస్టీతో 295. ఫైనాన్స్ కంపెనీ తన వంతు బౌన్సు చార్జి 450 వేసింది. స్కూలు ఖాతాలోనూ చెక్కు తిరిగొచ్చిన రెండుసార్లు 177 చొప్పున కోత పడింది, ఆ 354 కూడా వాళ్లు ఫీజుతో కలిపి అడిగారు. మొత్తం 1,180, 295, 450, 354 కలిపితే 2,279.

ఇందులో గమనించాల్సింది 7వ తేదీ సంగతి. ఆ ఈఎంఐకి కావాల్సిన డబ్బు నిజానికి ఖాతాలో ఉండేదే. రెండు చార్జీలు దాన్ని తినేశాయి కాబట్టి తగ్గింది. ఒక కోత ఇంకో కోతను తెస్తుంది. ఇంకో మాట: 5న ఎవరైనా ఆ 610 సర్దినా గండం గడిచేది కాదు. చెక్కు పాసయ్యేది కానీ 7న ఈఎంఐ ఆగిపోయేది. లోపం బ్యాలెన్స్‌లో కాదు, చెక్కు మీద వేసిన తేదీలో ఉంది. 9వ తేదీ వేసి ఉంటే ఒక్క రూపాయి పోయేది కాదు.

ఆ రెండు మూడు రోజుల ధీమా ఇక చెల్లదు

చెక్కు ఇస్తే నాలుగు రోజులు టైముంటుంది అనేది ఊళ్లలో ఇప్పటికీ చాలామంది నమ్మకం. చెక్కు కాగితం ఊరి నుంచి ఊరికి ప్రయాణం చేసిన రోజుల్లో అది నిజమే. ఇప్పుడు కాగితం కదలదు, దాని ఫొటో కదులుతుంది. చెక్కు వేసిన బ్రాంచిలోనే స్కాన్ చేస్తారు. 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వు బ్యాంకు ఈ పద్ధతిని ఇంకా వేగం చేసింది. పగటిపూట వచ్చిన చెక్కులను బ్యాంకులు మూటకట్టి ఉంచకుండా వచ్చినవి వచ్చినట్టే పంపాలి. చెక్కు రాసినవారి బ్యాంకు ఆ రోజు సాయంత్రం 7 లోపు పాసో, రిటర్నో చెప్పాలి. చెప్పకపోతే పాసైనట్టే లెక్క.

అంటే శ్రీకాకుళంలో ఉదయం 11కి కౌంటర్లో ఇచ్చిన చెక్కు మీ ఖాతాకి మధ్యాహ్నానికే రావచ్చు. డ్రాప్ బాక్సులో వేస్తే బ్రాంచి వాళ్లు ఎప్పుడు తీస్తారన్నదాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, కానీ ఆ ఆలస్యం మీ చేతిలో ఉండదు. చెక్కు మీద ఏ తేదీ ఉందో ఆ రోజు పొద్దున్నే డబ్బు ఖాతాలో ఉండాలి, అంతే లెక్క.

ఈఎంఐలది వేరే దారి. బండి, ఫోను, పర్సనల్ లోన్, చిన్న ఫైనాన్సులు, సిప్‌లు చాలావరకు నాచ్ మ్యాండేట్ మీద, అంటే ఫలానా తేదీకి ఖాతాలోంచి కోసుకోమని మీరు ముందే ఇచ్చిన అనుమతి మీద నడుస్తాయి. పాస్‌బుక్‌లో వీటి పక్కన `NACH` లేదా `ACH` అని కనిపిస్తుంది. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో కూడా నడుస్తోంది. చెక్కుల క్లియరింగ్ సెలవు రోజుల్లో ఉండదు. కాబట్టి సంక్రాంతి సెలవుల్లో బ్యాంకు మూసి ఉన్నా ఈఎంఐ మాత్రం ఆ తేదీకి వచ్చేస్తుంది. నాచ్ డెబిట్లు సాధారణంగా తెల్లవారుజామున, ఉదయం పూట వస్తాయి. ఆ రోజు మధ్యాహ్నం వెళ్లి నగదు కడదామనుకుంటే అప్పటికే రిటర్న్ పడి ఉండొచ్చు. కొన్ని బ్యాంకులు సాయంత్రం మళ్లీ ప్రయత్నిస్తాయి గాని దాన్ని నమ్ముకోవద్దు. ఈఎంఐ డబ్బు ముందురోజు రాత్రికే ఖాతాలో ఉండాలి. బ్రాంచి మూసి ఉంటే ఇంట్లోవాళ్ల ఖాతా నుంచి యూపీఐతో వేసుకోవచ్చు, లేదా నగదు జమ చేసే మెషిన్ దగ్గరికి వెళ్లాలి.

సేవింగ్స్ ఖాతాకి ఓవర్‌డ్రాఫ్ట్ ఉందా?

మన దగ్గర మామూలు సేవింగ్స్ ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు తన డబ్బు వేసి చెక్కు పాస్ చేయదు, తిప్పి పంపుతుంది. అలా బ్యాంకు డబ్బు వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్ కావాలంటే మీరు ముందుగా అడిగి పెట్టుకోవాలి. దాని సంగతి కింద చెప్తాం. మరి ఖాతా మైనస్‌లోకి ఎందుకు పోతుందని కొందరు అడుగుతారు. చాలాసార్లు అది అసలు మైనస్ కాదు. చార్జి కోయడానికి డబ్బు లేనప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని బాకీగా రాసి పెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు జమ పడితే అప్పుడు ముందు ఆ బాకీ తీసుకుంటుంది. ఉపాధి కూలి 1,500 పడితే చేతికి 910 వచ్చిందంటే, మధ్యలో 590 ఎక్కడికి పోయిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రిజర్వు బ్యాంకు గట్టి గీత గీసింది. కనీస బ్యాలెన్స్ ఉంచలేదన్న జరిమానా ఒక్కదాని వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇది 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతేకాదు, బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందుగా మెసేజో, మెయిలో, ఉత్తరమో పంపి, సరిచేసుకోడానికి ఒక నెల గడువివ్వాలి. జరిమానా కూడా ఎంత తక్కువైందో ఆ మేరకే ఉండాలి. చెక్కు రిటర్న్ చార్జీలకి ఈ రక్షణ వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

మొదటి పని: ఖాతాలోంచి ఏమేం పోతాయో ఒక కాగితం మీదికి తేవడం

ఇది ఒకసారి కూర్చుంటే అరగంట పని. గత 12 నెలల స్టేట్‌మెంట్ తీయండి. యాప్‌లో రాకపోతే బ్రాంచిలో అడగండి. డెబిట్ వరసలో మాత్రమే వేలు పెట్టుకుని కిందికి చదవండి. మీరు స్వయంగా చేయని ప్రతి డెబిట్‌నీ రాసుకోండి: తేదీ, ఎంత, ఎవరికి. పన్నెండు నెలలే ఎందుకంటే, కొన్ని ఏడాదికి ఒక్కసారే వస్తాయి.

అలా ఏడాదికొకసారి వచ్చేవాటిలో మన జిల్లాల్లో ఎక్కువమందిని పట్టేవి రెండు. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. రెండూ మే నెల చివరి వారంలో తమంతట తామే పోతాయి. బ్రాంచిలోనో, బ్యాంకు మిత్ర దగ్గరో ఎప్పుడో సంతకం పెట్టి మర్చిపోయినవాళ్లే ఎక్కువ. వీటి మీద గొడవ పెట్టుకోనక్కర్లేదు, బీమా మంచిదే. కాకపోతే జూన్ మొదటి వారంలో ఈఎంఐ ఉన్నవాళ్లు లెక్కపెట్టి ఉంచిన డబ్బులోంచి 456 తగ్గిపోతుంది. డెబిట్ కార్డు ఏడాది చార్జీ, మూడు నెలలకోసారి మెసేజ్ చార్జీ కూడా ఇలాంటివే. మొత్తం చిన్నదే, కానీ 3,850 ఈఎంఐకి ఖాతాలో 3,842 ఉన్నా రిటర్న్ రిటర్నే. ఎనిమిది రూపాయలు తగ్గినా, మూడు వేలు తగ్గినా చార్జి ఒకటే.

తర్వాత యాప్‌లో రెండు చోట్ల చూడండి. బ్యాంకు యాప్‌లో మ్యాండేట్లు అన్న భాగంలో నాచ్ మ్యాండేట్లు ఉంటాయి. యూపీఐ యాప్‌లో ఆటోపే భాగంలో సినిమా యాప్‌లు, రీచార్జి లాంటివి ఉంటాయి. అప్పు తీరిపోయినా మ్యాండేట్ బతికే ఉన్న సందర్భాలు కనిపిస్తాయి. అలాంటివి రద్దు చేయండి. బాకీ ఉన్న అప్పు మ్యాండేట్ మాత్రం రద్దు చేయొద్దు. మ్యాండేట్ రద్దు చేసినంత మాత్రాన అప్పు పోదు, ఈఎంఐ కట్టలేదన్న మచ్చ సిబిల్‌కి చేరుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకో సంగతి చూసుకోవాలి. పాత ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇక్కడి పల్లెల్లో ఎక్కువమందికి ఖాతాలున్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. బీరువాలో పాత పేరున్న చెక్కుబుక్ ఉంటే దాంట్లోంచి చెక్కు చింపే ముందు బ్రాంచిలో అడగండి. డబ్బున్నా కూడా చెక్కు తిరిగొస్తే పరువు పోవడం ఒకటే.

రెండో పని: తేదీలు జరపడం

కాగితం మీద తేదీలన్నీ ఒక వరసలో పెట్టాక, జీతమో, పెన్షనో, పాల డబ్బో ఆలస్యమైతే ఎప్పటికి పడుతుందో చూడండి. మామూలుగా ఎప్పుడు పడుతుందో కాదు, గత ఏడాదిలో ఎంత ఆలస్యంగా పడిందో చూడాలి. దానికి మూడు రోజులు కలపండి. ఈఎంఐలు ఆ తేదీ తర్వాతే ఉండాలి. పైన చెప్పిన గుమస్తాకి జీతం ఆలస్యమైతే 8 అనుకుంటే, ఈఎంఐలకి సరైన తేదీ 11 లేదా 12.

ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా అడిగితే చాలావరకు తేదీ మారుస్తాయి. కొత్త మ్యాండేట్ మీద సంతకమో, ఓటీపీయో అడుగుతారు. మధ్యలో పెరిగిన రోజులకి కొంచెం వడ్డీ వేయొచ్చు. 1,00,000 అప్పు 14 శాతం మీద ఉంటే ఆరు రోజులకి 230 రూపాయలు, అదీ ఒక్కసారి. ఒక రిటర్న్ కంటే తక్కువే. కొత్త మ్యాండేట్ వచ్చిన మొదటి నెల పాతదీ కొత్తదీ రెండూ రాకుండా కాస్త కన్నేసి ఉంచండి, అక్కడే పొరపాట్లు జరుగుతాయి.

వ్యవసాయం మీద బతికేవాళ్లకి నెల జీతం ఉండదు కాబట్టి ఈ పద్ధతి కుదరదు. వాళ్లకి చెక్కు దగ్గరే జాగ్రత్త. ధాన్యం తోలాం, డబ్బులు ఇవాళో రేపో పడతాయి అని ఎరువుల షాపుకి తేదీ వేసి చెక్కు ఇవ్వడం డిసెంబరు, జనవరుల్లో మామూలే. డబ్బు ఖాతాలో పడినట్టు మెసేజ్ చూశాకే చెక్కు రాయండి. షాపువాడు అంతవరకు ఆగకపోతే కొంత నగదు, మిగతాది తర్వాత యూపీఐ అని మాట్లాడుకోండి. యూపీఐలో డబ్బు లేకపోతే లావాదేవీ కాదు, అంతేగాని 590 కోత పడదు. చెక్కుకీ దానికీ ఉన్న పెద్ద తేడా ఇదే. నిజం చెప్పాలంటే, ఇరవై ముప్పై వేల లోపు చెల్లింపులకి సేవింగ్స్ ఖాతా చెక్కు వాడాల్సిన అవసరం ఈ రోజుల్లో పెద్దగా లేదు.

మూడో పని: ఏ బ్యాలెన్స్ చూడాలో తెలుసుకోవడం

యాప్‌లో రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాతాలో మొత్తం ఉన్నది. రెండోది అందుబాటులో ఉన్న బ్యాలెన్స్. చెక్కు, ఈఎంఐ పాసవ్వడానికి లెక్కలోకి వచ్చేది రెండోదే. ఎవరో ఇచ్చిన చెక్కు మీరు జమ చేసి అది ఇంకా పాసవ్వకపోయినా, ఐపీవోకి అప్లై చేసినా, పాత చార్జీ బాకీ ఉన్నా, పోలీసు ఫిర్యాదు మీద కొంత మొత్తం నిలిపివేసినా ఈ రెండంకెలకీ తేడా వస్తుంది. ఇలా ఆపి ఉంచిన మొత్తాన్ని బ్యాంకు భాషలో లియన్ అంటారు. తేడా కనిపించి కారణం తెలియకపోతే బ్రాంచిలో 'నా ఖాతా మీద లియన్ ఎంత, ఎందుకు' అని అడగండి.

చెక్కు తీసుకుని దాని మీద ఆధారపడి ఇంకో చెక్కు రాసే అలవాటున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మీకిచ్చిన చెక్కు తిరిగొస్తే మీకు తెలిసేసరికి సాయంత్రం 7 దాటొచ్చు. మీరు రాసిన చెక్కు అప్పటికే మీ ఖాతాకి వచ్చి ఉంటుంది.

ఇక ఖాతాలో ఎంత అడుగు ఉంచాలి? మీ బ్యాంకు కనీస బ్యాలెన్స్ అడిగితే అది వేరుగా తీసి పక్కన పెట్టండి. దానిపైన కావలసింది ఇలా లెక్కేయండి: బీమాలు 456, కార్డు చార్జీ జీఎస్టీతో 236 అనుకుంటే 692, మెసేజ్ చార్జీలు ఒక ఇరవై, ఒక రిటర్న్ చార్జి 590. మొత్తం దాదాపు 1,300. ఒక 1,500 ఉంచితే సరిపోతుంది. రిటర్న్ చార్జి ఎందుకు కలిపామంటే, ఒకటి పడినా అది రెండోదాన్ని లాక్కురాకుండా ఆపడానికి. ఈ 1,500 ఉన్నట్టు మర్చిపోండి. యాప్‌లో 4,700 కనిపిస్తే మీ దగ్గరున్నది 3,200 అని చదువుకోండి. బ్యాలెన్స్ తగ్గితే మెసేజ్ వచ్చే ఏర్పాటు మీ యాప్‌లో ఉంటే ఆ హద్దుని 1,500 దగ్గర కాకుండా ఒక ఈఎంఐ కలిపి 5,500 దగ్గర పెట్టండి. 1,500 దగ్గర పెడితే మెసేజ్ వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది.

నాలుగో పని: అవసరానికి నిజమైన ఓవర్‌డ్రాఫ్ట్

ఆదాయం తేదీలు మీ చేతిలో లేనప్పుడు ఇది ఉండాలి. అన్నిట్లోకీ చవకైనది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్. 20,000 డిపాజిట్ ఉంటే సాధారణంగా 90 శాతం దాకా, అంటే 18,000 వరకు పరిమితి ఇస్తారు. వడ్డీ డిపాజిట్‌కి ఇచ్చే రేటు కంటే ఒక శాతం ఎక్కువ ఉంటుంది, కొన్నిచోట్ల రెండు. డిపాజిట్ 6.5 శాతం అయితే దీనికి 7.5 అనుకోండి. వాడిన డబ్బుకి, వాడిన రోజులకి మాత్రమే వడ్డీ.

గుమస్తా లెక్కకి దీన్ని తగిలించి చూద్దాం. 5న చెక్కుకి 610 కావాలి, అది రెండు రోజులు. 7న ఈఎంఐతో కలిపి వాడకం 5,210 అవుతుంది, అది ఒక్క రోజు. 8న జీతంతో తీర్చేస్తారు. 610ని రెండుతో హెచ్చించి 5,210 కలిపితే 6,430. దాన్ని 7.5 శాతంతో హెచ్చించి 365తో భాగిస్తే ఒక రూపాయి 32 పైసలు. 2,279 ఎక్కడ, ఇదెక్కడ!

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే పడిపోతారు. ఓవర్‌డ్రాఫ్ట్‌కి సాధారణంగా వేరే ఖాతా నంబరు ఉంటుంది. మీ సేవింగ్స్ ఖాతాలో డబ్బు తగ్గితే అది దానంతటది వచ్చి ఆదుకోదు. ముందురోజు రాత్రి మీరే యాప్‌లో అందులోంచి సేవింగ్స్‌లోకి మార్చాలి. పరిమితి ఉంది కదా అని ఊరుకుంటే చెక్కు యథావిధిగా తిరిగిపోతుంది. దానంతటదే జరగాలనుకునేవాళ్లు ఆటో స్వీప్ ఉన్న ఖాతా అడగండి. అందులో ఒక హద్దు దాటిన డబ్బు డిపాజిట్‌గా మారుతుంది, చెక్కు వచ్చినప్పుడు కావలసిన మేరకు అదే విరుగుతుంది. కాస్త వడ్డీ తగ్గుతుంది, అంతే.

డిపాజిట్ లేనివాళ్లకి జన్‌ధన్ ఖాతా ఉంటే అందులో 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ అడగొచ్చు. 2,000 వరకు షరతులు లేకుండా ఇవ్వాలని 2018లో నిబంధన సడలించారు. అంతకు మించి కావాలంటే ఖాతా కనీసం ఆరు నెలలు సరిగ్గా నడిచి ఉండాలి, వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, ఇంటికి ఒకరికే ఇస్తారు, అందులోనూ ఇంటి ఆడవాళ్లకి ముందు. ఇది అడిగితేనే వచ్చేది. అడగకపోతే బ్రాంచివాళ్లు గుర్తు చేయరు.

చెక్కు తిరిగిపోయిన రోజున

మెసేజ్ రాగానే చేయాల్సిన మొదటి పని ఖాతాలో డబ్బు వేయడం కాదు, చెక్కు ఎవరికి ఇచ్చారో వాళ్లకి ఫోన్ చేయడం. ఎందుకంటే చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల దాకా దాన్ని ఎన్నిసార్లయినా బ్యాంకులో వేయొచ్చు. వేసినప్పుడల్లా డబ్బు లేకపోతే 590. 'నేను చెప్పేదాకా మళ్లీ వేయకండి, ఫలానా తేదీకి యూపీఐలో పంపేస్తాను' అని చెప్పి, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. డబ్బు పంపాక ఆ చెక్కు కాగితం వెనక్కి తీసుకోండి. తీసుకోకపోతే ఒకరోజు మర్చిపోయి మళ్లీ బ్యాంకులో వేస్తారు.

రెండోది, అదే వారంలో ఏ ఈఎంఐలు ఉన్నాయో కాగితం చూడండి. పడిన చార్జి తీసేశాక వాటికి డబ్బు చాలుతుందా? గుమస్తా ఖాతాలో 5న రాత్రి ఈ లెక్క చూసి ఉంటే 4,800 ఉంది, 7కి 4,600 కావాలి, ఇంకో చార్జి పడితే మునుగుతాం అని తెలిసేది. ఒక్క ఫోన్‌తో 590, 295, 450, 177 ఆగేవి.

ఈఎంఐ రిటర్న్ అయితే ఫైనాన్స్ కంపెనీ నాలుగైదు రోజుల్లో మళ్లీ అదే మ్యాండేట్ పంపొచ్చు. మీరు వాళ్ల లింకులో కట్టేస్తే, మళ్లీ పంపుతున్నారా లేదా అని కస్టమర్ కేర్‌ని అడిగి సమాధానం మెసేజ్‌లో తీసుకోండి. లేకపోతే ఒకే నెలకి రెండుసార్లు పోవడమో, రెండోసారి రిటర్న్ పడడమో జరుగుతుంది.

బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కు అయితే సంగతి చార్జీతో ఆగదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం. రిటర్న్ సమాచారం అందిన 30 రోజుల్లో అవతలివారు మీకు నోటీసు పంపొచ్చు. నోటీసు మీకు అందాక 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేస్తే కేసు ఉండదు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టుకి వెళ్తారు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 'స్టాప్ పేమెంట్' పెట్టేస్తే తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. బాకీ నిజమైనదైతే అది పనిచేయదు, పైగా స్టాప్ పేమెంట్‌కి కూడా బ్యాంకు చార్జి ఉంటుంది. నాచ్ ఈఎంఐ డబ్బు లేక ఆగినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఇలాంటి శిక్షే ఉంది. ఆ నోటీసు వచ్చిన కవరుని తెరవకుండా పక్కన పడేయొద్దు. 15 రోజులు అందుకున్న నాటి నుంచే మొదలవుతాయి.

కోత తప్పుగా పడితే

ప్రతి రిటర్న్‌కీ చార్జి వేసే హక్కు బ్యాంకుకి లేదు. తప్పు ఖాతాదారుడిదైనప్పుడే చెక్కు రిటర్న్ చార్జి వేయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. స్కాన్ చేసిన ఫొటో సరిగ్గా రాలేదనో, బ్యాంకు వైపు సాంకేతిక కారణం వల్లనో చెక్కు ఆగితే మీ దగ్గర కోయకూడదు. అందుకే రిటర్న్ మెమోలో కారణం చదవాలి. డబ్బు చాలలేదు, సంతకం తేడా, అంకెలకీ అక్షరాలకీ పొంతన లేదు అంటే అది మన తప్పే.

స్టేట్‌మెంట్‌లో `RTN`, `RET`, `CHG` అన్న అక్షరాలున్న వరసలు వెతికి, ఆ రోజు పొద్దున అందుబాటులో ఉన్న బ్యాలెన్స్ ఎంతో పక్కన రాయండి. బ్యాలెన్స్ చాలినంత ఉండి కూడా కోత పడితే బ్రాంచి మేనేజరుకి తేదీ, మొత్తం, చెక్కు నంబరు రాసి కాగితం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నోటిమాట ఫిర్యాదుకి రికార్డుండదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. సైటు వాడడం రానివాళ్లు 14448కి ఫోన్ చేసి ఎలా పెట్టాలో అడగొచ్చు. ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతినే అక్కడ మొదట అడుగుతారు.